పెళ్లి ఆల్బంలో మార్చిన ముఖం: ప్రింటుకు తయారీ

గ్రూపు ఫొటోలో ఒకరి కళ్లు మూసుకుపోయినప్పుడు, అదే గ్రూపుకు తీసిన మరో ఫొటోలోంచి ఆ మనిషి తలను తెచ్చి అతికించి తయారుచేసేది మార్చిన ఫొటో. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో పెళ్లి ఆల్బం డిజైన్ చేసేవారికి ఇది నిత్యం ఎదురయ్యే పని. ముహూర్తం రాత్రివేళ పడటం, వేదిక మీద వీడియో లైట్లు కళ్లలో కొట్టడం, పన్నెండు మంది ఒకేసారి కెమెరా వైపు చూడటం అరుదు కావడం దీనికి కారణాలు. సూర్యలంక తీరంలో పెళ్లికి ముందు తీసే ఫొటోల్లో గాలికి జుట్టు మొహాన పడి ఇదే అవసరం వస్తుంది. తల అతికించడం ఒక నైపుణ్యం. అతికించిన ఫొటో కాగితం మీద కూడా ఒకే ఫొటోలా కనిపించేలా చేయడం వేరొక నైపుణ్యం. ఈ వ్యాసం రెండోదాని గురించి.

మానిటర్ మీద చక్కగా కలిసిపోయిన ముఖం ఆల్బంలో బయటపడటానికి మూలం ఒక్కటే. ఆ ముఖం, దాని పక్కనున్న ముఖాలు వేర్వేరు దారుల్లో వచ్చాయి. ఒకటి కెమెరా నుంచి ఉన్నదున్నట్టు వచ్చింది. మరొకటి సాగదీయబడో, కుదించబడో, వాట్సాప్‌లో నలిగో వచ్చింది. రంగు, వెలుగు కలిపినంత మాత్రాన ఈ తేడా పోదు. స్పష్టత, నాయిస్, అంచుల పదును, కంప్రెషన్ గుర్తులు కూడా సమానం కావాలి. అవి సమానం కాకముందే షార్పెనింగ్ చేస్తే తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే పని వరుస ముఖ్యం: ముందు రిజల్యూషన్ సరిచూడాలి, తర్వాత అతికించిన భాగాన్ని చుట్టుపక్కలతో సమం చేయాలి, తర్వాత ప్రింటు సైజుకు తేవాలి, అప్పుడే ఒక్కసారి షార్పెన్ చేయాలి, చివరగా ఒక్కసారి జేపెగ్‌గా సేవ్ చేయాలి.

రిజల్యూషన్

పెళ్లి ఆల్బంలకు బాగా వాడుకలో ఉన్న కొలత 12×36 అంగుళాల షీటు. కరిజ్మా ఆల్బం అని జనం పిలిచేది ఇదే తరహా. షీటు మధ్యలో మడత పడి, 12×18 అంగుళాల రెండు పేజీలుగా తెరుచుకుంటుంది. ల్యాబులు సాధారణంగా అంగుళానికి 300 పిక్సెల్స్ అడుగుతాయి. అంటే షీటు ఫైలు 10800×3600 పిక్సెల్స్ ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 24 మెగాపిక్సెల్ కెమెరాతో తెనాలిలోని ఒక కల్యాణ మండపంలో పన్నెండు మంది గ్రూపు ఫొటో తీశారు. ఫొటో సైజు 6000×4000 పిక్సెల్స్. మొదటి ఫ్రేములో అందరూ బాగున్నారు, పెళ్లికూతురి మేనమామ మాత్రం కళ్లు మూశాడు. రెండు క్షణాల తర్వాత తీసిన రెండో ఫ్రేములో ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. ఆ ఫొటోను షీటులో కుడి పేజీ నిండా వేయాలి.

```
6000 ÷ 18 అంగుళాలు = 333
4000 ÷ 12 అంగుళాలు = 333
```

రెండు వైపులా అంగుళానికి 333 పిక్సెల్స్ వస్తున్నాయి. కెమెరా ఫ్రేము నిష్పత్తి, పేజీ నిష్పత్తి రెండూ మూడుకు రెండే కాబట్టి ఏదీ కత్తిరించనక్కర్లేదు. 300కి తెచ్చినప్పుడు ఫొటో 5400×3600 అవుతుంది, అంటే 90 శాతానికి తగ్గుతుంది. మొత్తం ఫొటోకు ఇది సుఖమైన స్థితి. అయితే మార్చిన ఫొటోలో చూడాల్సింది మొత్తం ఫొటో లెక్క కాదు, ఆ ఒక్క ముఖం లెక్క.

మొదటి ఫ్రేములో మేనమామ ముఖం గడ్డం నుంచి నుదుటి దాకా 260 పిక్సెల్స్ ఎత్తుంది. ఫొటోగ్రాఫర్ ఒక అడుగు వెనక్కి వేయడంతో రెండో ఫ్రేములో అది 230 పిక్సెల్స్‌కు తగ్గింది. అతికించాలంటే 113 శాతానికి పెంచాలి. ఆల్బంలో ఆ ముఖం దాదాపు 2 సెంటీమీటర్ల ఎత్తున పడుతుంది. ఇంత చిన్న పెంపును కన్ను పట్టుకోలేదు. 120 శాతం దాకా ఇబ్బంది ఉండదు. 150 దాటితే పక్క ముఖాల్లో కనుబొమల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తుండగా ఇక్కడ మాత్రం గీత గీసినట్టుంటాయి. అప్పుడు మరో ఫ్రేము వెతకడమే మంచిది. వరసగా నాలుగైదు ఫ్రేములు తీసే అలవాటున్న ఫొటోగ్రాఫర్ దగ్గర ఇలాంటి చిక్కు రాదు.

విదేశంలో ఉండి పెళ్లికి రాలేకపోయిన అన్నయ్యను గ్రూపులో చేర్చమని కుటుంబం అడగడం మరో రకం. ఆయన ఫొటో వాట్సాప్‌లో వస్తుంది. మామూలుగా పంపిన ఫొటోను వాట్సాప్ పొడవు వైపు సుమారు 1600 పిక్సెల్స్‌కు కుదించి, గట్టిగా కంప్రెస్ చేస్తుంది. అందులో ఆయన పదిహేను మందితో నిలబడి ఉంటే ముఖం 70 పిక్సెల్స్‌కు మించదు. దాన్ని 260కి పెంచాలంటే నాలుగింతలకు దగ్గరగా సాగదీయాలి. అది ఆల్బంకు పనికిరాదు. అదే ఫొటోను డాక్యుమెంటుగా పంపమంటే ఫోను తీసిన పూర్తి సైజు వస్తుంది. సెల్ఫీ అయితే 1600 పిక్సెల్స్ ఫొటోలోనూ ముఖం 600 పిక్సెల్స్ ఉంటుంది కాబట్టి పిక్సెల్స్‌కు కొదవ లేదు. కానీ చేయి దూరంలోంచి తీసిన సెల్ఫీలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. పది అడుగుల దూరం నుంచి తీసిన గ్రూపులో ఆ ముఖం ఎంత రిజల్యూషన్ ఉన్నా ఇమడదు. ఎవరితోనైనా కొంత దూరం నుంచి, గ్రూపు ఫొటోలో వెలుగు పడిన వైపు నుంచే వెలుగు పడేలా తీయించి పంపమనడమే దారి.

కాలం చేసిన తండ్రి పాస్‌పోర్ట్ సైజు ఫొటోను స్కాన్ చేసి వాడటమూ తరచు జరిగేదే. 35×45 మిల్లీమీటర్ల ఆ ఫొటోలో ముఖం 30 మిల్లీమీటర్లుంటే, 600 డీపీఐ స్కాన్‌లో అది సుమారు 700 పిక్సెల్స్ అవుతుంది. గ్రూపుకు అవసరమైనదానికి ఇది రెండింతల కంటే ఎక్కువ. పాత గరుకు కాగితపు ఫొటోలను స్కాన్ చేస్తే ముఖమంతా సన్నని గళ్లు కనిపిస్తాయి. 260కి కుదించినప్పుడు ఆ గళ్లు చాలావరకు అణిగిపోతాయి. కుదించకముందే షార్పెన్ చేస్తే మాత్రం అవి గట్టిపడి తర్వాత వదలవు.

రిజల్యూషన్ విషయంలో బాగా వ్యాపించిన పొరపాటు ఒకటుంది. ఫైలు మీద 72 అని చూసి, Image Size కిటికీలో దాన్ని 300గా మార్చి, ఫొటో బాగుపడిందనుకుంటారు. Resample గడి ఖాళీగా ఉంచి ఆ అంకె మారిస్తే ఒక్క పిక్సెల్ కూడా పెరగదు. ప్రింటు సైజు సూచన మాత్రమే మారుతుంది. ఆ గడిలో టిక్కు ఉంటే సాఫ్ట్‌వేర్ లేని పిక్సెల్స్‌ను పక్కవాటి నుంచి ఊహించి నింపుతుంది, కొత్త వివరం రాదు. చూడాల్సిన అంకె ఎప్పుడూ పిక్సెల్స్‌దే. ఒకే ఫొటోను షీటు నిండా 36 అంగుళాలకు పరిస్తే 6000 పిక్సెల్స్ అంగుళానికి 167 మాత్రమే అవుతాయి. చేతిలో పట్టుకుని చూసే ఆల్బంలో 200 కంటే తగ్గితే మెత్తదనం మొదలవుతుంది. పైగా మార్చిన ముఖం రెండింతల పొడవున కనిపిస్తుంది. అలాంటి షీటుకు మార్పు లేని ఫొటోనే ఎంచుకోవడం క్షేమం.

షీటులో పెట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. ఫొటోను మామూలు లేయరుగా తెచ్చి, చిన్నది చేసి, కుటుంబం కోరిక మీద మళ్లీ పెద్దది చేస్తే మొదట పోయిన పిక్సెల్స్ తిరిగి రావు. Smart Object గా పెడితే ప్రతిసారీ అసలు ఫొటో నుంచే లెక్క వేస్తుంది. ఇక మార్చిన ముఖం షీటు మధ్య మడత మీదికి గానీ, కటింగ్‌లో పోయే అంచులోకి గానీ రాకూడదు. అంచు నుంచి కనీసం అర అంగుళం లోపలుండాలి.

ముఖాన్ని పక్క ముఖాలతో సమం చేయడం

రాత్రి పెళ్లిలో కెమెరా ఐఎస్ఓ 1600, 3200 దాకా పెడతారు. ఫొటో అంతటా సన్నని రవ్వ లాంటి నాయిస్ పడుతుంది. ఒక ముఖాన్ని కుదిస్తే పక్కపక్క పిక్సెల్స్ సగటై ఆ నాయిస్ తగ్గిపోతుంది, అంచులు పదునెక్కుతాయి. పెంచితే నాయిస్ మచ్చలుగా సాగుతుంది, అంచులు మెత్తబడతాయి. పన్నెండు ముఖాల్లో ఒకటి మాత్రం పింగాణీలా నున్నగా ఉంటే, చూసేవారికి కారణం తెలియకపోయినా తేడా తెలిసిపోతుంది.

సరిదిద్దే పద్ధతి కష్టమైనది కాదు. ఎక్కువ పదునుగా వచ్చిన ముఖానికి అర పిక్సెల్ గౌసియన్ బ్లర్ ఇచ్చి పక్క ముఖాల స్థాయికి దించుతారు. తర్వాత Add Noise లో గౌసియన్, మోనోక్రొమాటిక్ ఎంచుకుని ఒకటి నుంచి మూడు శాతం నాయిస్ కలుపుతారు. మెత్తగా ఉన్న ముఖాన్ని పదును పెట్టి పైకి తేవడం కంటే, వేరే ఫ్రేము దొరకనప్పుడు, కొద్దిపాటి నాయిస్‌తో కప్పడమే ప్రింటులో మెరుగ్గా ఉంటుంది; నాయిస్‌ను కన్ను వివరంగా చదువుకుంటుంది.

సమం అయిందో లేదో చూడటానికి రంగు ఫొటో చాలదు. ఛానల్స్ పట్టీలో ఒక్క నీలం ఛానల్‌ను తెరిచి 200 శాతం పెద్దది చేసి చూడాలి. పసుపు వెలుగు కింద తీసిన ఫొటోల్లో నాయిస్ నీలం ఛానల్‌లోనే ఎక్కువగా ఉంటుంది. కంప్రెషన్ గళ్లు కూడా అక్కడే ముందు కనిపిస్తాయి. అతికించిన ముఖం చుట్టూ ఒక వలయం గానీ, చదరపు గళ్లు గానీ అందులో తేలితే పని ఇంకా మిగిలి ఉన్నట్టే. వేదిక వెనుక ఎల్ఈడీ తెర ఉన్న పెళ్లిళ్లలో ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ నేపథ్యం రంగు మారిపోతుంది, చారలు కూడా పడతాయి. అందుకని తల చుట్టూ నేపథ్యం ముక్కను కూడా తేకుండా, జుట్టు అంచు వరకే మాస్క్ గీసి, మెడ దగ్గర కాలరు గానీ పూలదండ గానీ ఉన్నచోట అతుకు వేస్తారు. మాస్క్ అంచు మెత్తదనం ఫొటోలోని సహజమైన అంచుల మెత్తదనానికి సరిపోవాలి. ఈ సైజు ఫొటోలో అది ఒకటి రెండు పిక్సెల్స్.

వేర్వేరు నెగెటివ్‌ల నుంచి ఒకే ఫొటో కూర్చడం డిజిటల్ కాలంతో పుట్టింది కాదు. ఇంగ్లండులో హెన్రీ పీచ్ రాబిన్సన్ 1858లో ఐదు నెగెటివ్‌లు కలిపి ఒక ప్రింటు తీశాడు. ఆ పద్ధతిలో అన్ని భాగాలూ ఒకే కాగితం మీద పడేవి కాబట్టి కొంత సమానత్వం దానంతట అదే వచ్చేది. ఇప్పుడు దాన్ని పని చేసేవారే తేవాలి.

షార్పెనింగ్

షార్పెనింగ్ అంటే అంచుకు ఒకపక్క నలుపును, మరోపక్క తెలుపును కొద్దిగా పెంచడం. వివరం కొత్తగా పుట్టదు, ఉన్న అంచు ఎత్తి చూపబడుతుంది. ప్రింటుకు ఇది అవసరం. ఫొటోను కుదించడంలో కొంత, కాగితం మీద రంగు పరుచుకోవడంలో కొంత పదును పోతుంది.

మార్చిన ఫొటోకు షార్పెనింగ్ రెండు చోట్ల తగులుతుంది. మొదటిది రా ఫైలు తెరిచేటప్పుడు. రెండు ఫ్రేములనూ ఒకే షార్పెనింగ్, ఒకే నాయిస్ తగ్గింపు విలువలతో తెరవాలి. ఒక ఫ్రేముకు పెట్టినవి రెండోదానికి సింక్ చేస్తే చాలు. కెమెరా జేపెగ్ అయితే కెమెరా ముందే షార్పెన్ చేసి ఇస్తుంది. ఫోను ఫొటోల్లో ఇది మరీ ఎక్కువ. వాటిలో గడ్డం అంచున సన్నని తెల్ల గీత ముందే ఉంటుంది. రెండోది అంతా అయిన తర్వాత, లేయర్లన్నీ కలిపిన కాపీని ప్రింటు సైజుకు తెచ్చాక చేసేది. మధ్యలో, మార్చిన ముఖం ఒక్కదానికే షార్పెనింగ్ చేయడం ఈ పనిలో అన్నిటికంటే హాని చేసే అలవాటు. చివర మళ్లీ మొత్తానికి చేసినప్పుడు ఆ ముఖం రెండుసార్లు పదునెక్కి, దవడ చుట్టూ తెల్లటి గీత కాగితం మీద నిలిచిపోతుంది. ముదురు రంగు తెర ముందు నిలబడ్డవారిలో అది మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పై ఉదాహరణలోని 5400×3600 ఫొటోకు, Unsharp Mask లో అమౌంట్ 80 నుంచి 120, రేడియస్ ఒక పిక్సెల్‌కు అటూ ఇటూ, థ్రెషోల్డ్ 2 నుంచి 4 మొదలుపెట్టదగిన విలువలు. థ్రెషోల్డ్ సున్నా ఉంచితే చర్మం మీది నాయిస్ కూడా అంచుగా లెక్కకు వచ్చి ముఖాలన్నీ ఇసుక చల్లినట్టవుతాయి. డూప్లికేట్ లేయరు మీద చేసి దాని బ్లెండ్ మోడ్‌ను Luminosity చేస్తే రంగు అంచులు పుట్టవు. ఆ లేయరుకే మాస్క్ పెట్టి పట్టుచీర జరీ మీద, నగల మీద సగానికి తగ్గించాలి. జరీలో వెలుగు చీకట్లు ముందే గట్టిగా ఉంటాయి. మళ్లీ పదును పెడితే అంచు తెల్లగా మెరిసి నేత కనబడకుండా పోతుంది.

ఎంత చేయాలో మానిటర్ సరిగ్గా చెప్పదు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి సుమారు 92 పిక్సెల్సే ఉంటాయి. 300 పిక్సెల్స్ ఫైలును 100 శాతంలో చూస్తే ప్రింటు కంటే మూడింతలు పెద్దగా చూస్తున్నట్టు. అక్కడ కొంచెం ఎక్కువైనట్టు అనిపించిన పదును కాగితం మీద సరిగ్గా దిగుతుంది. 31 శాతం దగ్గర పెడితే ప్రింటు సైజు కనిపిస్తుంది గానీ అక్కడ మానిటర్ పిక్సెల్స్ చాలక పదును తెలియదు. నిజమైన పరీక్ష ప్రింటే. పూర్తయిన ఫైలులోంచి మార్చిన ముఖం, దానికి రెండువైపులా ఉన్న ముఖాలు వచ్చేలా 1800×1200 పిక్సెల్స్ ముక్క కత్తిరించి 6×4 అంగుళాల ప్రింటు తీయిస్తే, ఆల్బంలో పడబోయే సైజులోనే చేతికొస్తుంది. దాన్ని ట్యూబులైటు కింద ఒకసారి, పగటి వెలుగులో ఒకసారి చూడాలి. ఆల్బం మొత్తం మళ్లీ ప్రింటు వేయించే ఖర్చు ముందు ఒక చిన్న ప్రింటు ఖర్చు లెక్కలోకి రాదు.

కాగితాన్ని బట్టి కూడా మారుతుంది. నిగనిగలాడే గ్లాసీ కాగితం తక్కువ పదునుకే తీక్షణంగా కనిపిస్తుంది. మ్యాట్, గరుకు కాగితాలకు కొంచెం ఎక్కువ పడుతుంది. ల్యాబు యంత్రంలోనే ఆటోమేటిక్ షార్పెనింగ్ పెట్టి ఉండవచ్చు. దాన్ని ఆపి ప్రింటు చేయమని ముందే చెప్పకపోతే చేసిన లెక్కంతా తప్పుతుంది.

ఫైలు రకం

పని చేసే ఫైలు, ల్యాబుకు వెళ్లే ఫైలు వేరువేరుగా ఉండాలి. లేయర్లు, మాస్కులు ఉన్న ఫైలును పీఎస్డీ లేదా టిఫ్‌గా ఉంచాలి. ముఖం మార్చే పనిని షీటులో కాకుండా విడి ఫొటోలోనే పూర్తి చేయడం కంప్యూటర్‌కూ సుఖం. 10800×3600 షీటులో 8 బిట్ల ఒక్క నిండు లేయరే 117 మెగాబైట్లు, విడి ఫొటోలో అది 72 మెగాబైట్లే.

ల్యాబుకు మాత్రం జేపెగ్ వెళుతుంది. జేపెగ్ ఫొటోను 8×8 పిక్సెల్స్ గళ్లుగా విడగొట్టి, కంటికి అంతగా తెలియని వివరాన్ని వదిలేస్తుంది. తెరిచి, మార్చి, మళ్లీ సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది. మార్చిన ముఖంలో ఒక తప్పు చివర్లో కనబడితే జేపెగ్‌ను తెరిచి దిద్దకూడదు. పీఎస్డీకి వెనక్కి వెళ్లి దిద్ది, కొత్త జేపెగ్ తీయాలి. క్వాలిటీ 10 నుంచి 12 మధ్య ఉండాలి. ఫొటోషాప్ Save As లో క్వాలిటీ 6, అంతకంటే తక్కువైతే వెలుగు వివరాన్ని ఉంచి రంగు వివరాన్ని నాలుగో వంతుకు కుదిస్తుంది. కుంకుమ బొట్టు అంచు, ఎర్ర చీర మీద బంగారు గీత చెదిరినట్టు కనిపించేది అప్పుడే. బేస్‌లైన్ స్టాండర్డ్ ఎంచుకోవాలి. ప్రోగ్రెసివ్ జేపెగ్‌ను తెరవని ప్రింటు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

రంగు విషయంలో ల్యాబు ప్రత్యేకంగా వేరే ప్రొఫైల్ అడిగితే తప్ప 8 బిట్ల ఎస్ఆర్‌జీబీ పంపాలి. అడోబ్ ఆర్‌జీబీలో ఉన్న ఫైలును, ప్రొఫైల్ చూడని యంత్రం ఎస్ఆర్‌జీబీగా అనుకుని ప్రింటు చేస్తే కుంకుమ, అరటాకు పచ్చ రెండూ వెలిసిపోతాయి. Assign కాకుండా Convert to Profile తో మార్చాలి. రెండు ఫ్రేములూ వేర్వేరు ప్రొఫైల్స్‌లో ఉంటే, అతికించకముందే రెండింటినీ ఒకే దానికి తేవాలి. ఫోను ఫొటోలు చాలాసార్లు డిస్‌ప్లే పీ3 ప్రొఫైల్‌తో వస్తాయి. చర్మం రంగు ఎంత సరిచేసినా కలవడం లేదంటే ముందు చూడాల్సింది ఇదే.

తయారైన ఫైలును ల్యాబుకు పెన్‌డ్రైవ్‌లో గానీ, ల్యాబు ఇచ్చిన అప్‌లోడ్ పేజీలో గానీ పంపాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే 10800 పిక్సెల్స్ షీటు కూడా కుదించుకుపోతుంది. షీటు ఫైళ్లకు 001, 002 వరుస సంఖ్యలు పెడితే ఆల్బం బైండింగులో క్రమం తప్పదు. పీఎస్డీతో పాటు మార్చని రెండు ఫ్రేములనూ అదే ఫోల్డరులో ఉంచాలి. కుటుంబం తర్వాత అదే ఫొటోను గోడకు పెద్ద ఫ్రేముగా కావాలంటే, ఆల్బం కోసం 90 శాతానికి కుదించి షార్పెన్ చేసిన జేపెగ్ దానికి పనికిరాదు. 6000×4000 పీఎస్డీ నుంచి కొత్త సైజుకు, కొత్త షార్పెనింగ్‌తో మళ్లీ తీయాల్సి ఉంటుంది.